లివర్ కొసన నల్లటి చీలిక

రాత్రి పదిన్నర దాటింది. హైవే మీద డివైడర్‌ను గుద్దుకుని పడ్డ పాతికేళ్ల కుర్రాణ్ణి 108లో క్యాజువాలిటీకి తెచ్చారు. స్పృహలోనే ఉన్నాడు. పేరు చెప్తున్నాడు, ఊరు చెప్తున్నాడు, ఎడమ డొక్కలో పోటు అంటున్నాడు. బీపీ 110/70. నాడి నిమిషానికి 112. డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టర్ చక్రాల స్టాండు మీదున్న అల్ట్రాసౌండ్ మెషీన్‌ను మంచం పక్కకు లాక్కుని, ప్రోబ్‌కి జెల్ రాసి, మూడు నిమిషాల్లో పొట్టంతా చూసేసింది. ఉండకూడని చోట నలుపు ఎక్కడా కనపడలేదు. 10.40కి కేస్ షీటులో ‘ఫాస్ట్ నెగిటివ్’ అని రాసింది. బయట నిలబడ్డ అన్న దగ్గరికి చేరేసరికి ఆ మాట ‘స్కానింగ్ నార్మల్’ అయింది.

అరగంట తిరక్కుండానే బీపీ 84కి దిగింది.

ఈ కుర్రాడు ఒక్కడు కాదు. ఎమర్జెన్సీ వార్డుల్లో పదేపదే ఎదురయ్యే కేసుల్లోంచి అల్లిన ఉదాహరణ ఇతను. ఆ మొదటి స్కానింగులో నెత్తురు లేదా, ఉండి కూడా కనపడలేదా, కనపడినా గుర్తుపట్టలేదా? ఈ మూడూ వేర్వేరు సంగతులు. మూడింటికీ జవాబు ఆ చిన్న తెర మీద నలుపు ఎలా పుడుతుందో, ఎక్కడ చేరుతుందో తెలిస్తేనే దొరుకుతుంది.

అల్ట్రాసౌండ్ అంటే చెవికి వినపడని శబ్దాన్ని లోపలికి పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో బొమ్మ గీయడం. లివర్ లాంటి అవయవంలో కణజాలం, సన్నటి నాళాలు, పొరలు కలగలిసి ఉంటాయి. శబ్దం ప్రతి చోటా కొంచెం కొంచెం తిరిగొస్తుంది. అందుకే లివర్ తెర మీద బూడిద రంగులో, ఇసక చల్లినట్టు కనిపిస్తుంది. ఎముక తగిలితే శబ్దం గట్టిగా వెనక్కి కొడుతుంది. పైన తెల్లటి గీత, దాని వెనక చీకటి. ద్రవంలో మాత్రం శబ్దాన్ని తిప్పి కొట్టే అడ్డు ఏదీ ఉండదు. అది నేరుగా దాటిపోతుంది. తిరిగొచ్చేది లేదు గనక మెషీన్ ఆ చోటును నల్లగా వదిలేస్తుంది. తాజాగా కారిన నెత్తురు నలుపే. మూత్రం నలుపే, పిత్తం నలుపే, జబ్బు చేసిన లివర్ వల్ల పొట్టలో చేరిన నీరూ నలుపే. ఫలానా నలుపు నెత్తురని మెషీన్ ఎప్పుడూ చెప్పదు. ప్రమాదంలో దెబ్బ తగిలి, నాడి పరుగెడుతున్న మనిషి పొట్టలో కనిపించింది కాబట్టి డాక్టర్ దాన్ని నెత్తురుగా లెక్క కడతారు.

అసలు పని నలుపును చూడటంలో లేదు. అది ఎక్కడుంది, ఏ ఆకారంలో ఉంది అన్నది చూడటంలో ఉంది.

నీరు పల్లమెరుగు అంటాం. వెల్లకిలా పడుకున్న మనిషి పొట్టలో నెత్తురూ అంతే. కుడి పక్క లివర్‌కూ కిడ్నీకీ మధ్య ఒక లోతైన మడత ఉంది. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ సర్జన్ రూథర్‌ఫర్డ్ మోరిసన్ పేరు మీద దాన్ని ‘మోరిసన్ పౌచ్’ అంటారు. పొట్ట పైభాగంలో అది అన్నిటికంటే పల్లం. మామూలుగా అది ఉత్త మడతే, లోపల ఏమీ ఉండదు. తెర మీద లివర్ అంచూ కిడ్నీ పొరా ఆనుకుని ఒకే తెల్లటి గీతగా కనిపిస్తాయి. నెత్తురు చేరితే ఆ గీత రెండుగా విడిపోయి మధ్యలో నల్లటి పట్టీ తెరుచుకుంటుంది. ఈ పరీక్ష మొత్తంలో ఎక్కువసార్లు వెతికేది ఆ పట్టీ కోసమే.

ఎడమ పక్క లెక్క వేరు. ప్లీహం పక్కటెముకల చాటున, వెనక్కి ఒదిగి ఉంటుంది. దాని కింద పెద్దపేగును పట్టి ఉంచే ఒక పొర అడ్డుకట్టలా ఉండటంతో ప్లీహం నుంచి కారిన నెత్తురు నేరుగా కిందికి జారదు. ముందు పైకి, ప్లీహానికీ డయాఫ్రంకీ మధ్య సందులోకి చేరుతుంది. ఆ తర్వాత పొట్ట అడ్డంగా దాటి కుడి పక్కకు పారుతుంది. అందుకే దెబ్బ ఎడమ పక్క తగిలినా నెత్తురు కుడి పక్క లివర్ దగ్గర దొరకడం వింతేమీ కాదు. అక్కణ్ణుంచి కుడి అంచు వెంబడి పొత్తికడుపులోకి దిగుతుంది. మగవాళ్లలో మూత్రాశయం వెనక, ఆడవాళ్లలో గర్భసంచి వెనక ఉన్న గుంట ఆఖరి పల్లం. కుడి, ఎడమ, పొత్తికడుపు అనే ఈ మూడు చోట్లకూ గుండె చుట్టూ ఉన్న సంచిని కలిపితే ఫాస్ట్ పరీక్షలో చూసే నాలుగు కిటికీలు అయ్యాయి.

ఫాస్ట్ అనేది ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలు పేర్చి పెట్టిన పేరు. గ్రేస్ రోజిస్కీ లాంటి అమెరికన్ సర్జన్లు 1990లలో దాన్ని వాడుకలోకి తెచ్చారు. జర్మనీ, జపాన్ డాక్టర్లు అంతకుముందే గాయపడ్డవాళ్ల పొట్టను అల్ట్రాసౌండ్‌తో చూస్తున్నారు. అంతకు ముందరి పద్ధతి తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. బొడ్డు కింద చిన్న కోత పెట్టి, గొట్టం దింపి, లీటరు సెలైన్ పొట్టలోకి వదిలి, అది తిరిగి బయటికొచ్చాక ఎంత ఎర్రగా ఉందో చూసేవారు. 1965 నుంచి చాలా ఏళ్లు అదే ఆధారం. కొద్దిపాటి నెత్తుర్ని కూడా అది పట్టేసేది. కాకపోతే కోత కోతే.

ఆ పాత పద్ధతి వల్లే కొత్త పద్ధతి హద్దు ఎంతో తెలిసింది. 1995లో డెన్వర్ డాక్టర్ల బృందం ఒకటి మంచి ఉపాయం చేసింది. కడుగుడు పరీక్ష జరుగుతున్న 100 మంది పేషెంట్ల దగ్గర అల్ట్రాసౌండ్ పట్టుకుని నిలబడ్డారు. సెలైన్ లోపలికి దిగుతుంటే ప్రోబ్ పట్టుకున్నవాళ్లు మోరిసన్ పౌచ్‌నే చూస్తుంటారు. ఎంత దిగిందో వాళ్లకు చెప్పరు. నల్లటి పట్టీ కనపడగానే వాళ్లు చెప్పాలి, అప్పటికి ఎంత దిగిందో అవతల రాసుకుంటారు. సగటున 619 మి.లీ. దిగాక గానీ కనపడలేదు. 400 మి.లీ. లోపే పట్టుకున్నవాళ్లు పదిమందిలో ఒక్కరు.

అంటే అర లీటరు పైచిలుకు నెత్తురు పొట్టలోకి చేరాక గానీ మోరిసన్ పౌచ్‌లో ఆ నలుపు సాధారణంగా తెర మీదికి రాదు. 60 కిలోల మనిషి ఒంట్లో ఉండేది నాలుగు లీటర్ల చిల్లర. అందులో 600 మి.లీ. పోయినా బీపీ నిలకడగానే ఉండొచ్చు, ముందు నాడి వేగం పెరుగుతుంది. మన కుర్రాడి నాడి వచ్చినప్పుడే 112 ఉంది. నొప్పికీ భయానికీ కూడా నాడి అంత పెరుగుతుంది నిజమే. కానీ తెర మీద నలుపు లేకపోవడమూ, పొట్టలో నెత్తురు లేకపోవడమూ ఒకటి కాదని చెప్పే కొలత ఆ 619. అన్నకు చెప్పాల్సిన మాట కూడా ‘నార్మల్’ కాదు. ‘ఇప్పటికి కనపడలేదు, మళ్లీ చూస్తాం’ అన్నది.

ఇక కనపడీ తప్పిపోయే సంగతి. ఇందులో ఎక్కువ పాలు చేతిదే.

బీపీ దిగిందని కబురందగానే సీనియర్ సర్జన్ వచ్చారు. జూనియర్ మళ్లీ ప్రోబ్ పెట్టింది. మార్కర్ తల వైపు, కుడి పక్కటెముకల మధ్య, సరిగ్గా ఇందాకటి చోటే. తెర మీద లివర్, దాని కింద చిక్కుడు గింజలా కిడ్నీ, మధ్యలో చక్కని తెల్లటి గీత.

“సార్, ఇక్కడ క్లియర్‌గానే ఉంది.”

“అక్కడ ఉంటుంది. లివర్ కొస చూశావా అమ్మా? ప్రోబ్ కిందికి జార్చు.”

రెండు వేళ్ల మేర కిందికి జార్చింది. లివర్ సన్నబడి ముగిసే చోట, కిడ్నీ కింది కొనకు ఆనుకుని, ఓ నల్లటి ముక్క కనిపించింది. మందం అర సెంటీమీటరు ఉంటుందేమో. మూడు మూలలు, మూడూ వాడిగా ఉన్నాయి. ప్రోబ్‌ను ముందుకూ వెనక్కీ వాలిస్తే ఆ ముక్క ఒకసారి పలచబడింది, ఒకసారి లివర్ అడుగుకు సాగింది. మాయం మాత్రం కాలేదు.

మోరిసన్ పౌచ్ అనగానే కొత్తగా నేర్చుకునేవాళ్లు లివర్, కిడ్నీ బాగా ఆనుకున్న మధ్యభాగాన్నే చూసి తృప్తి పడతారు. పుస్తకంలో బొమ్మ అదే కాబట్టి కావచ్చు. పొత్తికడుపులో నిండి కుడి అంచు వెంబడి పైకొచ్చే నెత్తురు ముందు తగిలేది లివర్ కొసకే. కుడి కిటికీలో అన్నిటికంటే ముందు నలుపు తేలేది అక్కడేనని తర్వాతి పరిశీలనల్లో తేలింది. కాబట్టి కొస చూడని స్కానింగు సగం స్కానింగే. నిలిచిపోయిన ఒక్క బొమ్మ చూసి లేదనడం కూడా అలాంటిదే. కిడ్నీ ముందు అంచు మొదలుకుని వెనక అంచు దాకా ప్రోబ్‌ను విసనకర్రలా వాలుస్తూ మొత్తం చూడాలి.

ఆ ముక్క నెత్తురేనని సర్జన్ రెండు క్షణాల్లో ఎలా తేల్చారు? మూలల్ని బట్టి. పొట్టలో స్వేచ్ఛగా పారే ద్రవానికి సొంత గోడ ఉండదు. రెండు అవయవాల మధ్య ఎంత సందుంటే అంతలో దూరుతుంది కాబట్టి దాని అంచులు కోసుగా, చీలికల్లా ఉంటాయి. సంచిలోనో గొట్టంలోనో ఉన్న ద్రవం గుండ్రంగా ఉంటుంది, చుట్టూ గోడ కనిపిస్తుంది. లివర్ అడుగునే ఉండే పిత్తాశయం కూడా నల్లగానే కనిపిస్తుంది. ప్రోబ్‌ను తిప్పి చూస్తే అది అన్ని పక్కలా మూసుకున్న సంచి అని తెలిసిపోతుంది. పేగులో ఉన్న నీరయితే కాసేపు చూస్తే కదులుతుంది. పక్కటెముక నీడ తెర పై అంచు నుంచి కింది దాకా నిలువుగా దిగుతుంది. పేషెంటు చేత గట్టిగా ఊపిరి పీల్పిస్తే లోపలి అవయవాలు కదులుతాయి గానీ ఆ నీడ కదలదు.

వీటన్నిటికన్నా తలనొప్పి కిడ్నీ చుట్టూ ఉండే కొవ్వు. కొంచెం లావుగా ఉన్నవాళ్లలో లివర్‌కూ కిడ్నీకీ మధ్య అది ముదురు పట్టీలా కనిపించి, అచ్చం నెత్తురు లాగే భయపెడుతుంది. పట్టి చూస్తే అది కటిక నలుపు కాదు, లోపల సన్నటి చుక్కలుంటాయి. రెండు పక్కలా రెండు తెల్లటి గీతలు దాన్ని కట్టేసి ఉంచుతాయి. ఊపిరితో పాటు కిడ్నీని అంటిపెట్టుకుని కదులుతుంది. ఎడమ కిడ్నీ దగ్గర చూస్తే అక్కడా అలాంటి పట్టీయే ఉంటుంది. మెషీన్‌లో వెలుగు తగ్గించి పెట్టినప్పుడు ఈ మోసం ఇంకా ఎక్కువ, ఎందుకంటే అప్పుడు ప్రతి ముదురు రంగూ నలుపే అవుతుంది. వెలుగు ఎక్కువ పెడితే దీనికి ఎదురు తప్పు జరుగుతుంది. సన్నటి నల్లటి పట్టీ బూడిదలో కలిసిపోతుంది.

వెలుగు ఎక్కువై తప్పిపోయే చోటు పొత్తికడుపు. నిండిన మూత్రాశయం ఈ పరీక్షకు వరం. దాని గుండా శబ్దం సులువుగా దాటి వెనకున్న గుంటను చూపిస్తుంది. అందుకే మూత్రం గొట్టం వేయకముందే స్కానింగ్ చేసేయమంటారు. గొట్టం వేసి సంచి ఖాళీ చేస్తే కిటికీ మూసుకున్నట్టే. అయితే ఈ వరానికో మెలిక ఉంది. మూత్రంలో శబ్దం ఏమీ నష్టపోకుండా దాటిపోవడంతో దాని వెనకున్నదంతా మామూలుకంటే తెల్లగా వెలుగుతుంది, ఆ వెలుగులో పలచటి నెత్తురు పొర మునిగిపోతుంది. అక్కడికి వచ్చేసరికి వెలుగు కాస్త తగ్గించుకోవాలి. నెలసరి వచ్చే వయసు ఆడవాళ్లలో గర్భసంచి వెనక కొద్దిపాటి ద్రవం సహజంగానే ఉండొచ్చు, దాన్ని చూసి బెదరక్కర్లేదు. అదే ద్రవం లివర్ దగ్గర కూడా కనిపిస్తే మాత్రం సహజం అనుకోకూడదు. ఏ దెబ్బా తగలకుండా కడుపునొప్పితో కళ్లు తిరిగి పడిపోయిన గర్భిణిలో మోరిసన్ పౌచ్ నల్లగా ఉంటే, గర్భసంచి బయట నిలిచిన గర్భం పగిలిందేమోనని డాక్టర్లు ఆపరేషన్‌కు సిద్ధమవుతారు.

గర్భిణి అన్నాం కాబట్టి ఇక్కడో మాట. మన దేశంలో ఈ మెషీన్ ఏ ఆస్పత్రిలో ఉన్నా 1994 నాటి లింగనిర్ధారణ నిరోధక చట్టం కింద రిజిస్టర్ కావాల్సిందే. చేత్తో మోసుకెళ్లగల చిన్న మెషీన్ల మీద షరతులు ఇంకా బిగువు. చట్టం వచ్చిన కారణం అందరికీ తెలిసిందే, దానితో పేచీ లేదు. కాకపోతే రోడ్డు ప్రమాదపు పేషెంటు మంచం పక్కన నిలబడ్డ మెషీన్‌కూ ఆ కాగితాలన్నీ ఉండాలి.

మళ్లీ మన కుర్రాడి దగ్గరికి వద్దాం. సర్జన్ ఎడమ పక్క చూపించమన్నారు. జూనియర్ ప్రోబ్‌ను చంక మధ్యగీత మీద పెట్టింది. తెర నిండా పొగలాంటి బూడిద రంగు. అది జీర్ణాశయంలోని గాలి, రాత్రి అన్నం తినే బయల్దేరాడట. “ఇంకా వెనక్కి పో, నీ కణుపులు పరుపుకి తగలాలి” అన్నారాయన. చెయ్యి అంత వెనక్కి వెళ్లాక ప్లీహం కనిపించింది. పైన డయాఫ్రం కింద నెలవంకలా సన్నటి నలుపు. ప్లీహం మాత్రం మామూలు కంటే పెద్దదిగా, అంచులు గరుకుగా ఉన్నట్టుంది. దాని చుట్టూ బూడిద రంగు మందంగా కనిపించింది గానీ నలుపు అంతగా లేదు. పొత్తికడుపులో మూత్రాశయం వెనక కోసుగా ఇంకో చీలిక. గుండె సంచి మాత్రం శుభ్రంగా ఉంది.

బీపీ నిలకడగా ఉంటే ఇదే నలుపుతో కూడా అతణ్ణి ముందు సీటీ స్కానింగుకు పంపేవారు. ప్లీహం ఎంత చీలిందో సీటీ చెప్తుంది. నెత్తురు తనంతట తాను ఆగితే కోత లేకుండానే ఐసీయూలో కనిపెట్టుకుని ఉండొచ్చు, చాలామందికి అలాగే నయమవుతుంది. ఫాస్ట్ ఆ సంగతులేవీ చెప్పలేదు. ఏ అవయవం తెగిందో చెప్పదు. పేగు చిల్లు పడితే మొదటి గంటల్లో దానికి తెలియదు. కిడ్నీల వెనక, వెన్ను పక్కన కారే నెత్తురు ఈ మడతల్లోకి రాదు గనక అదీ కనపడదు, కటి ఎముకలు విరిగినప్పుడు ఇలాంటి నెత్తురే లీటర్ల కొద్దీ పోతుంది. కానీ సీటీ గదికి తీసుకెళ్లే లోపు మనిషి దక్కడేమో అన్నప్పుడు డాక్టర్‌కు కావాల్సింది ఒకే ఒక్క జవాబు. నెత్తురు పొట్టలో పోతోందా? సెలైన్ ఎక్కించినా 90 దాటని బీపీ, లివర్ కొసన మూడు మూలల నలుపు. రెండూ కలిశాయి.

“స్కానింగ్ నార్మల్ అన్నారు కదమ్మా?” అన్నాడు అన్న, సంతకం పెట్టడానికి పెన్ను పట్టుకుని.

“అప్పటికి కనపడలేదన్నా. ఇప్పుడు కనపడింది” అంది జూనియర్.

11.35కి ఆపరేషన్ థియేటర్‌లో పొట్ట తెరిచారు. మొత్తం లీటరున్నర పైగా నెత్తురు బయటికి తీశారు. ప్లీహం మధ్యగా పగిలి ఉంది. దాని చుట్టూ గుప్పెడంత గడ్డ అంటుకుని ఉంది. నెత్తురు గడ్డకట్టాక అందులో శబ్దాన్ని తిప్పి కొట్టే పోగులు అల్లుకుంటాయి, అప్పుడది నలుపు కోల్పోయి తెర మీద లివర్, ప్లీహం లాగే బూడిద రంగులో కనిపిస్తుంది. ఎడమ పక్క ప్లీహం పెద్దదిగా, అంచులు గరుకుగా అనిపించింది ఆ గడ్డ వల్లే. 10.40 స్కానింగులో ప్రోబ్ వెనక్కి వెళ్లి ఉంటే తెర మీద అదే మొదట పడి ఉండేది. దాన్ని నెత్తురనుకునేవారా, ప్లీహం కాస్త పెద్దదిలే అనుకునేవారా అన్నది వేరే సంగతి.